పెళ్లి ఫోటోగ్రాఫర్‌కి 150 అక్షరాలు

పాత పెళ్లి ఫోటోని ఆల్బమ్‌లోంచి తీసి వెనక్కి తిప్పితే చాలాసార్లు ఒక రబ్బరు స్టాంపు కనిపిస్తుంది. స్టూడియో పేరు, ఊరు, బస్టాండు ఎదురుగానో సినిమా హాలు పక్కనో అని ఒక గుర్తు. అంతకుమించి ఒక్క మాట ఉండదు. ఫోటో చూసి ముచ్చటపడిన వాళ్లు వెనక్కి తిప్పి, ఆ గుర్తు పట్టుకుని స్టూడియోకి వెళ్లేవాళ్లు.

ఇప్పుడు సొంతంగా పనిచేసే ఫోటోగ్రాఫర్‌కి కొట్టు లేదు, బోర్డు లేదు. కెమెరా బ్యాగు, ఫోను, ఇన్‌స్టాగ్రామ్ ఖాతా, అంతే. ఎవరో పెళ్లి రీల్ చూసి, బాగుందనుకుని, పేరు మీద నొక్కి లోపలికి వస్తారు. అక్కడ గుండ్రటి బొమ్మ కింద కనిపించే నాలుగు వరుసలే బయో. దానికి ఇన్‌స్టాగ్రామ్ ఇచ్చే చోటు 150 అక్షరాలు. ఖాళీలు, కామాలు, కొత్త వరుసకి దిగడం కూడా అందులోకే వస్తాయి. వచ్చినవాళ్లు ఆగేదీ వెళ్లిపోయేదీ చాలావరకు అక్కడే తేలిపోతుంది.

ఆ చోటులో మనవాళ్లు ఎక్కువమంది ఏం రాస్తున్నారో చూడండి.

మీ మధుర క్షణాలకు శాశ్వత రూపం. క్యాండిడ్, ట్రెడిషనల్, ప్రీవెడ్డింగ్, డ్రోన్, బేబీ షూట్, బర్త్‌డే. బుకింగ్స్ కోసం డీఎం చేయండి.

ఇందులో అబద్ధం ఏమీ లేదు. కానీ ఊరు లేదు, మనిషి లేడు. ఈ బయోని శ్రీకాకుళం ఫోటోగ్రాఫర్‌కి పెట్టినా ఆదిలాబాద్ ఫోటోగ్రాఫర్‌కి పెట్టినా అతికిపోతుంది. ఎవరికైనా అతికేది ఎవరికీ గుర్తుండదు. పెళ్లికూతురు ఒక రాత్రి కూర్చుని ఇలాంటి ఖాతాలు వరసగా చూసుకుంటూ పోతుంది. పొద్దున్నకి ఏ ఫోటో ఎవరిదో ఆమెకే తెలియదు.

బయో రాసేముందు తేల్చుకోవలసింది ఒకటుంది. దాన్ని ఎవరు చదవాలి? సొంతంగా పనిచేసే పెళ్లి ఫోటోగ్రాఫర్‌కి ఇద్దరు వేరువేరు గిరాకీదార్లు ఉంటారు. ఒకరు పెళ్లివారు. రెండోవారు స్టూడియో యజమాని. ముహూర్తాలు దండిగా ఉన్న రోజున ఒక్కో స్టూడియోకి మూడు నాలుగు పెళ్లిళ్లు పడతాయి. ఉన్న మనుషులు చాలరు. అప్పుడు క్యాండిడ్‌కో రెండో కెమెరాకో బయటివాళ్లని రోజు లెక్కన పిలుస్తారు. కొత్తగా మొదలుపెట్టిన కుర్రాళ్లలో చాలామందికి మొదటి సంపాదన ఇలాగే వస్తుంది.

వీళ్లిద్దరూ చూసేవి వేరు. పెళ్లికూతురు ‘ఈయన మా పెళ్లికి వస్తే నేను ఎలా కనిపిస్తాను’ అని చూస్తుంది. స్టూడియో ఆయనకి అందం సంగతి తర్వాత. కెమెరా ఏ కంపెనీది, లెన్సులు సొంతవేనా, చెప్పిన టైముకి వస్తాడా, రాత్రికి రాత్రి ఫైల్స్ అప్పగిస్తాడా అన్నవి ఆయన ప్రశ్నలు. ఇంకొకటి ఆయన పైకి అడగడు గానీ లోపల ఉండే భయం: నా క్లయింట్‌కి ఇతను సొంత నంబరు ఇచ్చేస్తాడేమో. ఒకే బయోతో ఈ ఇద్దరినీ మెప్పించబోతే ‘క్యాండిడ్, ట్రెడిషనల్, డ్రోన్’ చిట్టాయే మిగులుతుంది. అందుకే ఈ ఏడాది మీ రాబడి ఎక్కువగా ఎటునుంచి వస్తోందో చూసుకుని ఒకరిని ఎంచుకోండి. రెండూ సమానమైతే రెండు ఖాతాలు నడుపుకోవడం నయం.

స్టూడియోలే మీ గిరాకీ అయితే బయో ఇలా ఉండొచ్చు.

క్యాండిడ్ / రెండో కెమెరా. సొంత లెన్సులు. విజయవాడ చుట్టుపక్కల. ఫైల్స్ అదే రాత్రి. మీ క్లయింట్‌కి నా కార్డు ఇవ్వను.

చివరి వాక్యం చూడండి. అందులో కవిత్వం లేదు, కానీ స్టూడియో నడిపే ఏ మనిషీ దాన్ని మర్చిపోడు. ఆయన భయాన్ని ఆయన అడక్కుండానే తీర్చిన మాట అది. ఇలాంటి బయోలో ‘మధుర క్షణాలు’ అని రాస్తే నవ్వుకుంటాడు.

పెళ్లివారి కోసం రాసేది కాస్త కష్టం. అందుకే మిగతా వ్యాసమంతా దాని గురించే.

ముందు ఒక చిన్న సాంకేతిక సంగతి చెప్పుకుంటే తర్వాత పని తేలికవుతుంది. ప్రొఫైల్‌లో బయోకి పైన, బొద్దు అక్షరాల్లో పేరు కనిపించే గడి వేరే ఉంటుంది. అది ఖాతా పేరు, అంటే యూజర్‌నేమ్ కాదు. చాలామంది యూజర్‌నేమ్‌నే అందులోనూ మళ్లీ రాసి ఆ చోటు దండగ చేస్తారు. ఎవరైనా వెతికినప్పుడు యూజర్‌నేములు, బయోలు, క్యాప్షన్లు, హ్యాష్‌ట్యాగులు, ఊళ్ల పేర్లతో పోల్చి చూస్తామని ఇన్‌స్టాగ్రామే 2021లో వివరంగా రాసింది. వెతకడానికి తగిన పేరు పెట్టుకోమనీ, బయోలో ఊరు చేర్చమనీ అదే సలహా ఇచ్చింది. కాబట్టి జనం వెతికే మాటలు ఆ పేరు గడిలోకి వెళ్లాలి. రాజమండ్రిలో పెళ్లి చేసేవాళ్లు వెతికేటప్పుడు తెలుగు లిపిలో టైపు చేసేది తక్కువ. ఎక్కువగా `wedding photographer rajahmundry` అనే కొడతారు. ఊరి అధికారిక పేరు రాజమహేంద్రవరం అయినా వేళ్లు కొట్టేది పాత పేరే. అందుకే మీ పేరు పక్కన ఒక అడ్డగీత పెట్టి `Wedding Photographer Rajahmundry` అని ఇంగ్లీషు లిపిలోనే రాసుకోండి. ఒక జాగ్రత్త ఉంది. ఈ పేరు గడిని 14 రోజుల్లో రెండుసార్లకు మించి మార్చనివ్వరు. అక్షరదోషం చూసుకుని మరీ నొక్కాలి.

ఆ పని పేరు గడికి అప్పగించేస్తే బయోలో ‘వెడ్డింగ్ ఫోటోగ్రాఫర్’ అని మళ్లీ రాయనక్కర్లేదు. 150 అక్షరాలూ మనిషితో మాట్లాడటానికి మిగులుతాయి. ఆ మాట తెలుగులోనే ఎందుకు ఉండకూడదు?

తెలుగులో రాస్తే చోటు చాలదని చాలామంది అనుకుంటారు. కంప్యూటరు లెక్కలో గుణింతం గుర్తు, వత్తు, సున్నా అన్నీ విడివిడి అక్షరాలే. ‘పెళ్లి’ కంటికి రెండక్షరాలు, లెక్కకు 6. వినగానే గుండె గుభేలుమంటుంది గానీ, ఇంగ్లీషులో wedding 7. ‘ఫోటోగ్రాఫర్’ తెలుగులో 11, ఇంగ్లీషులో 12. అంటే తేడా పెద్దగా లేదు. బయో మార్చుకునే తెరలోనే ఇంకా ఎన్ని అక్షరాలు మిగిలాయో కనిపిస్తుంది. దాన్ని చూస్తూ రాసుకుంటే సరి. నా మట్టుకు నాకు తెలుగు బయోలో ఒక అదనపు లాభం కనిపిస్తుంది. చుట్టూ ఉన్న ఖాతాలన్నీ ఇంగ్లీషులో ఒకే మాట చెబుతున్నప్పుడు తెలుగు లిపి దగ్గర కన్ను తనంతట తానే ఆగుతుంది.

ఇక మొదటి వరుస. గుర్తుండవలసింది అదే. గుర్తుండే వాక్యాలన్నీ పెళ్లిలోంచే వస్తాయి, ఫోటోగ్రఫీలోంచి రావు. లెన్సు, ఫ్రేము, క్లిక్కు, వెలుగునీడలు లాంటివి ఫోటోగ్రాఫర్‌కి ముద్దు. పెళ్లికూతురి మనసులో మెదిలేవి మాత్రం జీలకర్ర బెల్లం, తెర, తలంబ్రాలు, అప్పగింతలు.

తెర తొలగే ఆ ఒక్క క్షణం కోసం.

ఇది మొత్తం 28 అక్షరాలు. సుముహూర్తం వేళ జీలకర్ర బెల్లం పెట్టుకోవడం, తెర తీయడం, వధూవరులు ఒకర్నొకరు చూసుకోవడం, నాలుగు వైపుల నుంచీ అక్షింతలు పడటం అన్నీ కొన్ని సెకన్లలో అయిపోతాయి. అదే సమయంలో మేనత్తలూ బాబాయిలూ ఫోన్లెత్తుకుని అడ్డం వస్తారు. ఆ చూపు దొరికిందా లేదా అన్నదాన్ని బట్టే ఫోటోగ్రాఫర్ పనితనం తెలుస్తుంది. పెళ్లి చూసిన ఏ తెలుగు మనిషికైనా ఈ వాక్యానికి వివరణ అక్కర్లేదు.

అప్పగింతల్లో నాన్నని మర్చిపోను.

ఇది ఇంకాస్త లోతుగా దిగుతుంది. అప్పగింతలప్పుడు కెమెరాలన్నీ పెళ్లికూతురి కన్నీళ్ల మీదే ఉంటాయి. పక్కన తండ్రి మొహం తిప్పుకుని నిలబడిన ఫోటో చాలా ఆల్బమ్‌లలో ఉండదు. ఆ లోటు ఎరిగిన అక్కలు, చెల్లెళ్లు ఈ వాక్యం చదివి ఆగుతారు. ఒక షరతు మాత్రం ఉంది. మీ పేజీలో కిందికి వెళ్తే అలాంటి ఫోటోలు రెండో మూడో నిజంగా కనిపించాలి. మూడు పోస్టుల్ని పైన పిన్ చేసుకునే వీలుంది కాబట్టి వాటిలో ఒకటి అప్పగింతల్లో నాన్నది పెట్టండి. మాటకీ ఫోటోకీ పొంతన కుదిరితేనే వాక్యం బతుకుతుంది.

తలంబ్రాలు పోసేటప్పుడు మీరు నవ్వుతారు. నేను కాచుకుని ఉంటాను.

దీంట్లో ఫోజులివ్వనక్కర్లేదన్న భరోసా ఉంది, ఆ మాట పైకి అనకుండానే. 59 అక్షరాలు పట్టినా చదవడానికి తేలిక.

చమత్కారం ఇష్టమైతే పెళ్లిళ్లలో జనం ఫోటోగ్రాఫర్ల మీద వేసే విసుర్లనే తీసుకోండి. అవి అందరి నోళ్లలో ఉన్నవే కాబట్టి తగలవలసిన చోట తగులుతాయి.

పంతులుగారికి అడ్డురాని ఫోటోగ్రాఫర్‌ని.

తాళి పట్టుకుని కెమెరా వైపు చూడమనను.

‘కొంచెం నవ్వండి’ అనను.

వీటిలో నాకు బాగా నచ్చింది తాళి వాక్యం. పెళ్లికొడుకు మూడు ముళ్లు వెయ్యబోతుంటే ‘సార్, ఒక్క నిమిషం, ఇటు చూడండి’ అని ఆపేయడం, పంతులుగారు మంత్రం మధ్యలో నిలబడిపోవడం, వెనకాల వరుసల్లోంచి పెద్దలు గొణగడం... ఇది చూడని వాళ్లు లేరు. ఒక్క వాక్యంతో ‘నేను అలాంటివాణ్ని కాను’ అని తేలిపోతుంది. కానీ కొందరు పెళ్లివారికి అలా ఆగి ఫోజిచ్చే ఫోటోనే కావాలి. మీరు ట్రెడిషనల్ కూడా తీసేవారైతే ఈ వాక్యం మీకు నప్పదు. బయోలో ఒప్పుకున్నదానికి మంటపం దగ్గర కట్టుబడి ఉండాల్సి వస్తుంది మరి.

ఇంకో హద్దు కూడా చెప్పాలి. తలంబ్రాలు, తెర, తాళి అని రాయగానే చర్చిలో పెళ్లి చేసుకునేవాళ్లూ, నిఖా కోసం ఫోటోగ్రాఫర్‌ని వెతికేవాళ్లూ ఇది తమకు కాదనుకుని వెళ్లిపోతారు. అన్ని రకాల పెళ్లిళ్లూ తీసేవారైతే అందరికీ వర్తించే మాట కావాలి. ‘వెనక వరుసలో కూర్చున్న అమ్మమ్మ కూడా ఫోటోలో ఉంటుంది’ లాంటిది. అమ్మమ్మలు అన్ని పెళ్లిళ్లకూ వస్తారు.

ప్రాంతం మారితే పెళ్లి మాటలూ మారతాయి. వరంగల్ ఫోటోగ్రాఫర్ గోదావరి జిల్లాల మాటలు అరువు తెచ్చుకోనక్కర్లేదు.

ఎదుర్కోళ్ల నుంచి బరాత్ దాకా. వరంగల్, హన్మకొండ, కరీంనగర్.

ఈ బయోకి విశేషణం ఒక్కటి లేదు. అయినా చదివినవాళ్లకి ‘ఇతను మనవాడు, మన పెళ్లి తీరు తెలిసినవాడు’ అని అర్థమవుతుంది. ఎదుర్కోలు ఎప్పుడొస్తుందో, ఎవరు ఎక్కడ నిలబడతారో ఇతనికి మళ్లీ చెప్పనక్కర్లేదు. బరాత్ అర్ధరాత్రి దాటినా ఉంటాడన్న మాట కూడా అందులోనే ఉంది.

తక్కువ పెట్టుబడితో ఒంటరిగా పనిచేసేవారికి నేనైతే పెద్ద పెళ్లిళ్లతో పోటీ పడొద్దంటాను. నలుగురి బృందం, డ్రోన్, క్రేన్ ఉన్నవాళ్ల పక్కన ‘మేమూ చేస్తాం’ అనడం కంటే, వాళ్లు పట్టించుకోని పని తీసుకోవడం తెలివి. కొండ మీద గుళ్లో, యాభై వందమంది మధ్య జరిగే పెళ్లిళ్లు మన దగ్గర తక్కువేం కాదు.

అన్నవరం, ద్వారకా తిరుమల కొండ మీది చిన్న పెళ్లిళ్లు. ఒకే కెమెరా, ఒకే మనిషి.

పెద్ద బృందం లేకపోవడం ఇక్కడ లోటులా కనిపించదు. చిన్నగా చేసుకునేవారికి కావలసిందే అది. ఇలా రాసేవారు గుడిలో ఏ మంటపం దాకా కెమెరాకు అనుమతి ఉందో ముందే కనుక్కుని ఉండాలి. ఫోన్ చేసినవాళ్లు అడిగే మొదటి ప్రశ్న అదే.

ఆడపిల్లలు ఈ వృత్తిలోకి వస్తున్నారు. వాళ్లకి మగవాళ్లు ఇవ్వలేని సౌలభ్యం ఒకటుంది. పెళ్లికూతురు తయారయ్యే గదిలోకి సంకోచం లేకుండా వెళ్లగలరు.

మంగళస్నానం నుంచి అప్పగింతల దాకా. ఫోటోగ్రాఫర్ అమ్మాయే.

ఆ రెండో వాక్యం చూసి ఊపిరి పీల్చుకునే పెళ్లికూతుళ్లు, వాళ్ల అమ్మలు చాలామంది ఉంటారు.

మొదటి వరుస మనసుకైతే మిగతా వరుసలు పనికి. ఏ ఊళ్లు, ఎప్పటికి ఇస్తారు, ఎలా పట్టుకోవాలి. ఈ మూడూ చాలు. వీటిలో రెండోదాని గురించి కాస్త ఆగి చెప్పాలి. పెళ్లి ఫోటోగ్రాఫర్ల మీద జనానికి ఉన్న అతిపెద్ద ఫిర్యాదు ఆల్బమ్ ఆలస్యం. మొదటి పెళ్లిరోజు దాటినా ఆల్బమ్ రాని ఇళ్లున్నాయి. అందుకని ‘నెలలో ఆల్బమ్’ అని రాసేస్తే బాగుంటుందనిపిస్తుంది. ఆగండి. ఆలస్యంలో సగం పెళ్లివారిది కూడా. వేల ఫోటోలు పెన్‌డ్రైవ్‌లో ఇస్తే, అందులోంచి ఆల్బమ్‌కి కావలసినవి ఏరి ఇవ్వడానికే అబ్బాయివాళ్లు ఒక నెల, అమ్మాయివాళ్లు ఒక నెల తీసుకుంటారు. ఆ తర్వాతే డిజైను, ఆ తర్వాతే ల్యాబ్‌లో ప్రింటు. కాబట్టి గడువు పెళ్లి రోజు నుంచి కాదు, ఎంపిక చేతికొచ్చిన రోజు నుంచి లెక్కపెట్టాలి. ‘మీరు ఎంపిక చేసిన 30 రోజులకు ఆల్బమ్’ అని రాస్తే మాట నిజమవుతుంది, బాధ్యత ఎవరిదెంతో ముందే తెలుస్తుంది. మీ ల్యాబ్ నిజంగా ఎన్నాళ్లు తీసుకుంటుందో దానికి ఒక వారం కలిపి ఆ అంకె వేసుకోండి.

‘డీఎం చేయండి’ అన్న మాట తీసేయడానికి గట్టి కారణం ఉంది. మిమ్మల్ని ఫాలో కాని, మీరు ఫాలో కాని మనిషి పంపిన సందేశం మామూలు ఇన్‌బాక్సులోకి రాదు. రిక్వెస్టుల గడిలో పడుతుంది. మీరు నాలుగు రోజుల తర్వాత చూసేసరికి ఆ తేదీకి వాళ్లు ఇంకొకరికి అడ్వాన్సు ఇచ్చేసి ఉంటారు. మన దగ్గర పెళ్లి మాటలు నడిచేది వాట్సాప్‌లో. బయో కింద లింకు పెట్టుకునే చోట `https://wa.me/91` అని రాసి, వెంటనే ఖాళీ లేకుండా మీ పదంకెల నంబరు చేర్చండి. ముందు ప్లస్ గుర్తు గానీ సున్నా గానీ వద్దు. నొక్కగానే మీ వాట్సాప్ తెరుచుకుంటుంది. దేశం కోడు అందులోనే ఉంది కాబట్టి డాలస్‌లో ఉన్న అన్నయ్య గుంటూరులో చెల్లెలి పెళ్లికి ఫోటోగ్రాఫర్‌ని మాట్లాడాలన్నా నంబరు సేవ్ చేసుకునే తంటా లేదు. ఇలాంటి అన్నయ్యలే ఇప్పుడు చాలా పెళ్లిళ్లలో ఫోటోల ఖర్చు పెట్టుకునేది. 2023 నుంచి అయిదు లింకుల దాకా పెట్టుకోవచ్చు. కానీ పైకి కనిపించేది మొదటిదే, మిగతావి ‘ఇంకా ఇన్ని’ అన్న మాట వెనక ఉంటాయి. అందుకే వాట్సాప్ మొదట ఉండాలి.

ఇప్పుడు మొదట్లో చూసిన ఆ బయోనే మళ్లీ రాద్దాం. రాజమండ్రిలో ఉంటూ, కాకినాడ, భీమవరం దాకా వెళ్లి, ఎక్కువగా క్యాండిడ్ తీసే కుర్రాడిది అనుకోండి.

తాళి పట్టుకుని కెమెరా వైపు చూడమనను.
రాజమండ్రి, కాకినాడ, భీమవరం పెళ్లిళ్లు
మీరు ఎంపిక చేసిన 30 రోజులకు ఆల్బమ్
తేదీ, ఊరు వాట్సాప్ చేయండి

మొత్తం 134 అక్షరాలు. ఇంకా 16 మిగిలాయి. ఏం పోయాయో గమనించండి. బేబీ షూట్ పోయింది, బర్త్‌డే పోయింది, డ్రోన్ పోయింది. అవి మానేయమని కాదు. హైలైట్స్‌లో పెట్టుకోవచ్చు, ఫోన్లో చెప్పుకోవచ్చు. క్యాండిడ్ అన్న మాట కూడా లేదు, మొదటి వాక్యమే ఆ సంగతి చెబుతోంది. ‘ధర ఎంత’ అని కాకుండా ‘తేదీ, ఊరు’ అని అడగడంలోనూ ఒక లాభం ఉంది. ముహూర్తాలు ఒకే రోజున గుంపుగా పడే మన దగ్గర తేదీ ఖాళీయో కాదో తేలకుండా ధర గురించి అరగంట మాట్లాడటం ఇద్దరికీ వృథా. ధర బయోలో వెయ్యకపోవడమే మంచిదని నా అభిప్రాయం. రెండు రోజుల పెళ్లికీ, పూటలో ముగిసే గుడి పెళ్లికీ ఒకే అంకె కుదరదు.

వరుసలు నాలుగు దాటకుండా చూసుకోండి. పొడుగైతే కింది భాగం `more` అన్న మాట వెనక దాక్కుంటుంది. దాన్ని నొక్కి మరీ చదివే ఓపిక కొత్తవాళ్లకి ఉండదు.

మిగిలిన 16 అక్షరాలని ఖాళీగా వదిలేయొచ్చు. లేదా రుతువుకి వాడుకోవచ్చు. ఆషాఢంలోనూ మూఢంలోనూ పెళ్లిళ్లు లేక ఫోటోగ్రాఫర్లు ఖాళీగా ఉంటారు గానీ, వచ్చే ముహూర్తాలకి ఇళ్లలో మాటలు నడిచేది అప్పుడే. ఆ రోజుల్లో చివర ‘3 శ్రావణ తేదీలు’ అని చేర్చితే చదివినవాళ్లు త్వరపడతారు. బయో వాక్యాలని ఎన్నిసార్లు మార్చుకున్నా అభ్యంతరం లేదు. అయితే కార్తీకం వచ్చాక కూడా అక్కడ శ్రావణమే ఉంటే ఈయన పని మానేశాడేమో అనుకుంటారు.

అక్షరాలకి అలంకారాలు చేయడం గురించి ఒక మాట. వంపులు తిరిగిన ఇంగ్లీషు ఫాంట్లతో పేరు, బయో రాసుకునే అలవాటు ఫోటోగ్రాఫర్లలో బాగా ఉంది. అవి నిజానికి ఫాంట్లు కావు. గణితంలో వాడటానికి యూనికోడ్‌లో పెట్టిన వేరే గుర్తులు. కంటికి w లాగే కనిపిస్తుంది, కంప్యూటరుకి అది w కాదు. మామూలు అక్షరాలతో వెతికినవాళ్లకి ఆ పేరు దొరుకుతుందన్న భరోసా లేదు. కొన్ని పాత ఫోన్లలో గళ్లుగా కనిపిస్తుంది. చూపు లేనివారి కోసం తెర చదివిపెట్టే సాఫ్ట్‌వేర్ దాన్ని సరిగ్గా పలకలేదు. పేరు గడిలో అయితే అసలే వద్దు.

బయోలో హ్యాష్‌ట్యాగులు కూడా తీసేయండి. 2018 నుంచి అక్కడి హ్యాష్‌ట్యాగు నొక్కితే తెరుచుకుంటుంది. మీ పేజీకి వచ్చిన మనిషిని చేయిపట్టుకుని పక్క ఫోటోగ్రాఫర్ల పోస్టుల్లోకి మీరే పంపినట్టు అవుతుంది.

‘300+ పెళ్లిళ్లు’ లాంటి అంకె వేసేముందు అందులో మీ సొంత బుకింగ్‌లు ఎన్నో, స్టూడియో తరఫున రోజు లెక్కన వెళ్లినవి ఎన్నో విడదీసుకోండి. స్టూడియో పనిని సొంత లెక్కలో చూపితే ఆ స్టూడియో మళ్లీ పిలవదు. చట్టం సంగతి కూడా ఉంది. మన 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి ఎవరైనా ఫోటో తీయించుకుంటే వేరే ఒప్పందం లేనప్పుడు ఆ ఫోటో మీద మొదటి హక్కు తీయించుకున్నవారిది, తీసినవారిది కాదు. అందుకే ఫోటోలు పేజీలో పెట్టుకునే అనుమతిని అడ్వాన్సు తీసుకునే రోజునే, స్టూడియోతోనైనా పెళ్లివారితోనైనా, వాట్సాప్‌లోనైనా సరే రాతపూర్వకంగా తీసుకోండి. బయోలో ఎంత మంచి వాక్యం ఉన్నా కింద చూపించడానికి ఫోటో లేకపోతే లాభం లేదు.

బయో పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది? ప్రొఫెషనల్ ఖాతాకి మార్చుకుంటే ఇన్‌సైట్స్‌లో ప్రొఫైల్‌కి ఎంతమంది వచ్చారో, లింకుని ఎన్నిసార్లు నొక్కారో కనిపిస్తుంది. ప్రొఫైల్‌కి వచ్చేవాళ్లే తక్కువైతే తప్పు బయోది కాదు, రీల్స్‌ది. చాలామంది వచ్చి ఎవరూ లింకు నొక్కకుండా వెళ్తుంటే అప్పుడు బయోనీ, పైన పిన్ చేసిన మూడు పోస్టుల్నీ అనుమానించాలి. బయో మార్చాక కనీసం ఒక ముహూర్తాల వరస నడిచేదాకా ఉంచి, ముందు అంకెలతో పోల్చండి. రోజుకొకటి మారిస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

అంకెలకన్నా ముందు ఇంట్లోనే చేసుకోగల పరీక్ష ఒకటుంది. ఫోటోల సంగతి తెలియని పిన్నికో వదినకో మీ ప్రొఫైల్ అయిదు సెకన్లు చూపించి ఫోన్ తీసేసుకోండి. ‘ఏ ఊరు? ఏం గుర్తుంది?’ అని అడగండి. ఊరూ ఒక వాక్యమూ చెప్పగలిగితే బయో బాగున్నట్టే. ‘ఏదో ఫోటోలవాళ్లది’ అంటే మొదటి వరుస మార్చండి. అలాగే ఇంకొకరి ఫోన్లోంచి ఆ వాట్సాప్ లింకుని ఒకసారి నొక్కి చూడండి. నంబరులో ఒక్క అంకె తప్పితే ముహూర్తాల కాలమంతా ఫోను మోగదు, ఎందుకు మోగలేదో కూడా తెలియదు.